ప్యాడ్ మీద చార్జింగ్ ఎందుకు ఎక్కదు: ఇనుప బిళ్ల, మందం కవర్, పక్కకు జరిగిన కాయిల్

హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల మొబైల్ షాపుల్లో వైర్‌లెస్ ప్యాడ్ పట్టుకొని వచ్చేవాళ్ల మాట కాస్త అటూ ఇటూగా ఒకటే: “రాత్రంతా పెట్టిన, పొద్దుగాల చూస్తే ఇరవై శాతం కూడా ఎక్కలే.” కౌంటర్ వెనక నుంచి వచ్చే జవాబూ ఒకటే: పెద్ద అడాప్టర్ తీసుకోమని. అడాప్టర్ మారుతుంది, చార్జింగ్ మారదు. ఎందుకంటే చాలాసార్లు తప్పు అడాప్టర్‌లో ఉండదు, ఫోన్‌కూ ప్యాడ్‌కూ మధ్య ఉన్న ఆ నాలుగైదు మిల్లీమీటర్లలో ఉంటుంది. అక్కడ జరిగే తప్పులు మూడు. లోహం అడ్డం రావడం, కవర్ మందం కావడం, రెండు కాయిళ్లు ఒకదాని మీద ఒకటి కుదరకపోవడం. వీటిలో మొదటిది వేరే జాతి. మిగతా రెండూ అన్నదమ్ములు. ఈ తేడా తెలియకపోతే కవర్ మార్చాల్సిన చోట ప్యాడ్ మారుస్తాం.

ప్యాడ్ లోపల రాగి తీగతో చుట్టిన గుండ్రని కాయిల్ ఉంటుంది. మామూలు ప్యాడ్‌లలో దాని వ్యాసం నాలుగున్నర సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. పైకి కనిపించే ప్యాడ్ పది సెంటీమీటర్లున్నా పనిచేసేది నడుమ ఉన్న ఆ ముక్కే. ఫోన్ వెనక గ్లాస్ కింద అలాంటిదే పలుచని కాయిల్ ఇంకొకటి ఉంటుంది. ప్యాడ్ కాయిల్‌లో సెకనుకు లక్షకు పైగా సార్లు దిశ మారే కరెంటు పారుతుంది, దాని అయస్కాంత క్షేత్రం ఫోన్ కాయిల్‌లో కరెంటు పుట్టిస్తుంది. 2010లో వచ్చిన వైర్‌లెస్ చార్జింగ్ ప్రమాణం క్వి ప్రకారం మామూలు ప్యాడ్‌లు 87 నుంచి 205 కిలోహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి.

ప్యాడ్ గుడ్డిగా కరెంటు పంపదు. ముందు చిన్న పల్స్‌తో తడిమి చూస్తుంది. ఫోన్ ఉంటే ఆ కొద్దిపాటి శక్తితోనే మేలుకొని, క్షేత్రం ఎంత బలంగా అందుతోందో చెబుతుంది. చార్జింగ్ మొదలైన తర్వాత కూడా సెకనుకు కొన్నిసార్లు “ఇంకొంచెం కావాలి”, “తగ్గించు” అని సందేశాలు పంపుతూనే ఉంటుంది. ఎక్కువ కావాలంటే ప్యాడ్ సాధారణంగా తన ఫ్రీక్వెన్సీని కిందికి దించుకుంటూ కాయిల్‌లో కరెంటు పెంచుతుంది. ఈ బేరం సంగతి గుర్తుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

ఇనుప బిళ్ల

కారులో మాగ్నెట్ హోల్డర్ కొంటే దాంతోపాటు రెండు బిళ్లలు వస్తాయి, గుండ్రంది ఒకటి, పొడుగుది ఒకటి. వాటిని ఫోన్‌కూ కవర్‌కూ మధ్య, సరిగ్గా నడుమ పెట్టడం అలవాటు. బరువు సమంగా ఉంటుంది, హోల్డర్‌కు గట్టిగా అతుక్కుంటుంది. కాకపోతే ఫోన్ కాయిల్ ఉండేది కూడా సుమారుగా అక్కడే.

ఇండక్షన్ స్టవ్ మీద స్టీల్ గిన్నె పెడితే మంట లేకుండానే గిన్నె కాగుతుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే. మారుతున్న అయస్కాంత క్షేత్రం లోహంలో సుడులు తిరిగే కరెంట్లు పుట్టిస్తుంది, వీటినే ఎడ్డీ కరెంట్లు అంటారు. అవి తమ సొంత క్షేత్రంతో వచ్చే క్షేత్రాన్ని ఎదిరిస్తాయి, పైగా బిళ్లను వేడెక్కిస్తాయి. ఫోన్ కాయిల్‌కు చేరాల్సింది దారిలోనే ఖర్చయిపోతుంది.

“బిళ్ల అర మిల్లీమీటర్ కూడా లేదు, అదేం ఆపుతుంది” అనే సందేహం సహజమే. ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర ఇనుములో కరెంటు ఉపరితలం నుంచి మిల్లీమీటర్‌లో కొన్ని వందో వంతుల లోతు వరకే పోతుంది. అంత పలుచని పొర చాలు క్షేత్రాన్ని ఆపడానికి. అర మిల్లీమీటర్ బిళ్ల అంటే దానికి పది రెట్లు మందమున్న గోడ. బిళ్లను పలుచన చేసి లాభం లేదు, అక్కడి నుంచి జరపడమే దారి. ఫోన్లే దీనికి సాక్ష్యం: అల్యూమినియం వెనుక భాగమున్న ఐఫోన్ 7కు వైర్‌లెస్ చార్జింగ్ లేదు, 2017లో వచ్చిన ఐఫోన్ 8 గ్లాస్‌కు మారిన తర్వాతే అది వచ్చింది.

మంచి ప్యాడ్ బిళ్లను పసిగడుతుంది. తను పంపిన వాట్లకూ ఫోన్ అందుకున్నానని చెప్పిన వాట్లకూ లెక్క కుదరకపోతే మధ్యలో ఇంకేదో తింటోందని తేల్చుకొని ఆపేస్తుంది. కొన్ని ప్యాడ్‌లు చార్జింగ్ మొదలుకాకముందే కాయిల్ ప్రవర్తన కొలిచి, లోహం ఉందని గుర్తుపడతాయి. బయటికి కనిపించేది మాత్రం లైట్ మిణుకుమిణుకుమనడం, లేదా ఫోన్ రెండు మూడు సెకన్లకోసారి టింగ్ మంటూ కలిసి, విడిపోతూ ఉండడం. లోహానికి గుర్తు ఇదే: ఎక్కడం మెల్లగా కాదు, ఎక్కడమే ఉండదు.

అసలు భయం చవక ప్యాడ్‌లతో. లోహాన్ని పట్టే ఏర్పాటు సరిగా లేని ప్యాడ్ ఆగకుండా పంపుతూనే ఉంటుంది, బిళ్ల చేత్తో ముట్టుకోలేనంత కాగుతుంది. ఆ బిళ్లకు ఇటువైపు ఉన్నది ఫోన్ బ్యాటరీ. కవర్‌లో బిళ్ల ఉన్న ఫోన్‌ను పది నిమిషాలు ప్యాడ్ మీద పెట్టి తీసినప్పుడు వెనక నడుమ భాగం ఒక్కటే కాలుతుంటే, అది చార్జింగ్ వేడి అని సరిపెట్టుకోవద్దు. ఏటీఎం కార్డు, మెట్రో కార్డు కవర్‌లో పెట్టుకునేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. టచ్ చేసి చెల్లించే కార్డులో ఉన్న సన్నని తీగ కాయిల్, చిప్ ఈ క్షేత్రానికి చెడిపోవచ్చు.

బిళ్ల తప్పనిసరైతే దాని చోటు ఫోన్ కింది భాగం. ఫోన్ పొడవు 16 సెంటీమీటర్లు, కాయిల్ నడిభాగం పైనుంచి 8 సెంటీమీటర్ల దగ్గర ఉందనుకుందాం. కాయిల్ అంచు సుమారు పదిన్నర సెంటీమీటర్ల దగ్గర ముగుస్తుంది. ఇంకో సెంటీమీటర్ ఖాళీ వదిలితే, కింద నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు మిగులుతుంది. 4 సెంటీమీటర్ల గుండ్రని బిళ్ల అక్కడ సరిపోతుంది, పొడుగుది అడ్డంగా పెడితే తప్ప పట్టదు. హోల్డర్‌లో ఫోన్ కాస్త తలబరువుగా ఊగుతుంది. ఆ మాత్రం ఓర్చుకోవాల్సిందే.

మందమూ, జరుగుడూ ఒకే ఖాతా

కవర్ సంగతి వేరు. రబ్బరు, ప్లాస్టిక్, తోలు అయస్కాంత క్షేత్రాన్ని ఆపవు. అవి చేసేది దూరం పెంచడం మాత్రమే. అయితే ఆ దూరం సున్నా నుంచి మొదలు కాదు. ప్యాడ్ పై ప్లాస్టిక్ ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు, ఫోన్ వెనక గ్లాస్ ఇంకో మిల్లీమీటర్‌కు కాస్త అటూ ఇటూ. కవర్ లేకుండానే రెండు కాయిళ్ల మధ్య దాదాపు మూడు మిల్లీమీటర్లు పోయాయి. పైన ఒకటిన్నర మిల్లీమీటర్ల సిలికాన్ కవర్ పెద్ద విషయం కాదు. కింద పడ్డా పగలదని చెప్పి అమ్మే రెండు పొరల కవర్ మూడు, నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది, దాంతో దూరం రెట్టింపు దాటుతుంది. కంపెనీలు సాధారణంగా మూడు మిల్లీమీటర్ల లోపు కవర్ వాడమనేది ఇందుకే. అలాంటి కవర్లకు ఉండే వేలు రింగు, నిలబెట్టే స్టాండ్ లోహంవైతే సమస్య మళ్లీ పైన చెప్పిన బిళ్ల ఖాతాలోకి పోతుంది.

ఇక జరుగుడు. ప్యాడ్ కాయిల్ నుంచి వచ్చే క్షేత్రంలో ఫోన్ కాయిల్ గుండా ఎంత పోతోందన్నదే లెక్క. రెండు చేతి గాజులు ఒకదాని మీద ఒకటి పెట్టి, పైదాన్ని పక్కకు జరిపితే నడుమ కలిసిన చోటు ఎలా సన్నబడుతుందో చూడండి, అదే ఇక్కడ జరుగుతుంది. నాలుగైదు మిల్లీమీటర్ల జరుగుడును ప్యాడ్ సర్దుకుంటుంది. సెంటీమీటర్ దగ్గరికి వచ్చేసరికి తంటా మొదలవుతుంది.

దూరం, జరుగుడు రెండూ చేసేది ఒకే పని, కాయిళ్ల మధ్య జతను బలహీనం చేయడం. కాబట్టి రెండూ ఒకే ఖాతా నుంచి ఖర్చవుతాయి. మూడు మిల్లీమీటర్ల కవర్ నడుమన పెడితే బాగానే ఎక్కుతుంది, ఎనిమిది మిల్లీమీటర్లు జరిపితే ఆగిపోవచ్చు. కవర్ లేకపోతే అదే ఎనిమిది మిల్లీమీటర్లను లెక్కచేయదు. “నిన్న ఎక్కింది, ఇయ్యాల ఎక్కట్లేదు” అనే వింతకు చాలావరకు ఇదే కారణం. కవర్ ఖాతాను ముందే ఖాళీ చేసి పెట్టింది, రాత్రి చీకట్లో పెట్టిన తీరు మిగిలింది ఖర్చుచేసింది.

జత బలహీనమైతే ఫోన్ “ఇంకా కావాలి” అంటూనే ఉంటుంది, ప్యాడ్ కరెంటు పెంచుతూనే ఉంటుంది. కొంతవరకు ఫోన్ అడిగినన్ని వాట్లు అందుతాయి కూడా. కానీ ప్యాడ్ కాయిల్‌లో కరెంటు రెట్టింపైతే తీగలో వేడి నాలుగింతలవుతుంది. ఆ వేడి పైనున్న ఫోన్‌కు ఎక్కుతుంది, ఫోన్ బ్యాటరీని కాపాడుకోవడానికి చార్జింగ్ తగ్గించుకుంటుంది. అందుకే చిన్న జరుగుడు లక్షణం ఇలా ఉంటుంది: మొదటి పది పదిహేను నిమిషాలు బాగానే ఎక్కి, ఆ తర్వాత మెల్లబడడం. పెద్ద జరుగుడైతే ప్యాడ్ తన శక్తికి మించి పెంచలేక మొదటి నిమిషం నుంచే నీరసంగా ఉంటుంది, లేదా కలిసి విడిపోతుంది. ఓరుగల్లు ఎండల్లో, మే నెలలో బయట 43, 44 డిగ్రీలున్నప్పుడు రేకుల ఇంట్లోనో, పార్కింగ్‌లో ఎండకు మాడిన కారులోనో ఈ తగ్గింపు ఇంకా తొందరగా వస్తుంది. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతుంది. మన వేసవి అక్కడి నుంచే మొదలవుతుంది.

ఒక మోసం గురించి ఇక్కడే చెప్పాలి. అడాప్టర్‌కూ ప్యాడ్‌కూ మధ్య చిన్న యూఎస్‌బీ మీటర్ పెట్టి, “పది వాట్లు చూపిస్తోంది, బాగానే ఉంది” అనుకునేవాళ్లున్నారు. ఆ మీటర్ చూపేది ప్యాడ్ తాగుతున్నది, ఫోన్‌కు చేరింది కాదు. ఫోన్ పక్కకు జరిగినప్పుడు ఆ అంకె తగ్గకపోవచ్చు, పెరగనూవచ్చు. కొలవాల్సింది ఫోన్ వైపు.

కాయిల్ నడుమను కనుక్కోవడం

ఫోన్ కొలతల నడుమ, కాయిల్ నడుమ ఒకటే అనుకోవద్దు. పెద్ద కెమెరా ఉన్న ఫోన్లలో కాయిల్ దాని కిందికి దిగి ఉండొచ్చు. వెతకడానికి ఒక కాగితం టేపు, పెన్సిల్, స్కేలు చాలు. కవర్ తీసి, ఫోన్ వెనక నిలువునా ఒక టేపు, అడ్డంగా ఒక టేపు అంటించాలి. ప్యాడ్ నడుమ చుక్క పెట్టాలి.

ఇప్పుడు ఫోన్‌ను నడుమకు నడుమ పెట్టి, చార్జింగ్ గుర్తు రాగానే తీసి, 5 మిల్లీమీటర్లు పైకి జరిపి మళ్లీ పెట్టాలి. ప్రతిసారీ ఎత్తి పెట్టాలి, ప్యాడ్ మీదే లాగకూడదు. ఒకసారి కలిసిన ఫోన్ లాగుతూ పోతే, కొత్తగా పెడితే కలవని చోటులో కూడా కాసేపు పట్టుకొని ఉంటుంది, దాంతో లెక్క తప్పుతుంది. ఎక్కడ కలవడం ఆగిందో ఆ చోట ప్యాడ్ చుక్కకు ఎదురుగా టేపు మీద గీత పెట్టాలి. అదే పని కిందివైపు. రెండు గీతల మధ్య బిందువే నిలువు నడుమ. తర్వాత ఎడమ, కుడి. నడుమ ఎక్కడో నేరుగా వెతికితే దొరకదు, ఎందుకంటే అక్కడ చుట్టూ అంతా ఒకేలా ఎక్కుతుంది. అంచులు మాత్రం ఖచ్చితంగా తెగుతాయి. అందుకే అంచులు పట్టుకొని నడుమకు రావాలి. పది నిమిషాల పని.

కవర్‌ను అనుమానిస్తే A4 కాగితాలతో తేల్చుకోవచ్చు. మామూలు జిరాక్స్ కాగితం పదోవంతు మిల్లీమీటర్ ఉంటుంది, పది కాగితాలు ఒక మిల్లీమీటర్. కవర్ లేని ఫోన్‌ను సరిగ్గా నడుమ పెట్టి, కింద పది, ఇరవై, ముప్పై ఇలా పెంచుతూ ఎక్కడ ఆగుతుందో చూడాలి. యాభై కాగితాల దగ్గర ఆగితే ఆ ప్యాడ్, ఆ ఫోన్ జోడీకి అదనంగా ఐదు మిల్లీమీటర్లు హద్దు. ఇదే పరీక్షను ఎనిమిది మిల్లీమీటర్లు పక్కకు జరిపి చేస్తే ముప్పై కాగితాలకే ఆగిపోవచ్చు. ఒకే ఖాతా అన్న మాట కాగితాల మీద కనిపిస్తుంది. కవర్ ఎంత మందమో కూడా ఇలాగే, అదే ఎత్తు కాగితాల కట్టతో పోల్చి తెలుసుకోవచ్చు.

వేగం కొలవడానికి శాతం చాలు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఒక శాతం అంటే 50 ఎంఏహెచ్. 30 శాతం దగ్గర మొదలుపెట్టి, స్క్రీన్ ఆపేసి, అరగంట తర్వాత చూడాలి. 80 దాటాక ఎలాగూ మెల్లబడుతుంది కాబట్టి అక్కడ కొలిస్తే అర్థం ఉండదు. ఆండ్రాయిడ్ 11 లేదా ఆ పైది ఉండి, కంప్యూటర్‌తో వైఫై ద్వారా డీబగ్గింగ్ కలుపుకోగలిగినవాళ్లకు ఇంకా నికరమైన దారి ఉంది. వైరు పెట్టి చూస్తే ఫోన్ దాని నుంచే చార్జింగ్ తీసుకుంటుంది కాబట్టి వైఫై తప్పనిసరి. కంప్యూటర్‌లో ఇవ్వాల్సిన ఆదేశం ఇది:

```
adb shell dumpsys battery
```

ఇందులో `Wireless powered: true` ఉండాలి. చాలా ఫోన్లలో `Charge counter` మైక్రో ఆంపియర్ గంటల్లో, `temperature` డిగ్రీలో పదో వంతుల్లో వస్తాయి. 372 అంటే 37.2 డిగ్రీలు. పది నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి, కౌంటర్ 2310000 నుంచి 2530000కు పోతే 220 ఎంఏహెచ్ ఎక్కింది. గంటకు ఆరింతలు, అంటే సగటున 1320 మిల్లీ ఆంపియర్లు. నాలుగు వోల్టులతో గుణిస్తే బ్యాటరీలోకి సుమారు ఐదు వాట్లు.

ఒక ఫోన్, ఒక ప్యాడ్

నయీంనగర్ నుంచి కాజీపేట దాకా రోజూ కారులో తిరిగే మనిషి ఫోన్ అనుకుందాం. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, 10 వాట్ల ప్యాడ్, మూడున్నర మిల్లీమీటర్ల రెండు పొరల కవర్, లోపల నడుమన పొడుగు బిళ్ల. పెడితే లైట్ మిణుకుమంటుంది. బిళ్ల తీసేస్తే చార్జింగ్ మొదలైంది, కానీ అరగంటలో నాలుగు శాతమే. ఇక్కడే చాలామంది ప్యాడ్ చెడిపోయిందని తేల్చేస్తారు. లోహం అడ్డు తొలగింది, మిగిలిన రెండూ అలాగే ఉన్నాయి.

నాలుగు శాతం అంటే 200 ఎంఏహెచ్, సగటున 400 మిల్లీ ఆంపియర్లు, బ్యాటరీలోకి ఒకటిన్నర వాట్ల చిల్లర. టేపు పద్ధతితో వెతికితే కాయిల్ నడుమ, రోజూ పెడుతున్న చోటు నుంచి తొమ్మిది మిల్లీమీటర్లు కిందికి ఉంది. ఫోన్‌ను అంత మేర పైకి జరిపి పెట్టాలి. అదే కవర్‌తో, సరైన చోట పెడితే అరగంటలో తొమ్మిది శాతం. కవర్ కూడా తీస్తే పదమూడు. అంటే ఈ ఫోన్‌కు కవర్ కన్నా జరుగుడు ఎక్కువ నష్టం చేసింది. కవర్ మార్చమని చెప్పేవాళ్ల సలహా సగం తప్పు.

రోజూ కొలుచుకొని పెట్టలేం కాబట్టి, ప్యాడ్ కింది అంచుకు, రెండువైపులా అంటుకునే ఫోమ్ టేపు ముక్కలతో చిన్న గట్టు కట్టాలి. ఫోన్ కింది భాగం దానికి ఆనితే కాయిల్ దానంతటదే కుదరాలి. కవర్ వేసినప్పుడు ఫోన్ పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాబట్టి గట్టును కవర్‌తోనే కొలవాలి. కెమెరా ఉబ్బు ప్యాడ్ అంచు మీదికి ఎక్కితే ఫోన్ ఒకవైపు లేచి దూరం పెరుగుతుంది, అదీ చూసుకోవాలి.

కారులో ఉండే చార్జింగ్ తొట్టిలో ఈ గట్టు పని కష్టం. స్పీడ్ బ్రేకర్ రాగానే ఫోన్ జరుగుతుంది, మూలమలుపులో ఇంకోవైపు పోతుంది. కొన్ని కార్ల ప్యాడ్‌లలో ఒకదాని మీద ఒకటి వచ్చేలా మూడు కాయిళ్లుంటాయి, జరిగినా వాటిలో ఒకటి పట్టుకుంటుంది. ఒకే కాయిల్ ఉన్నదైతే తొట్టిలో పక్కలకు ఫోమ్ నింపి ఫోన్ బిగువుగా కూర్చునేలా చేసుకోవాలి.

ఈ జరుగుడు గొడవకే మాగ్నెట్ల దారి వచ్చింది. 2020లో ఐఫోన్ 12తో వచ్చిన మ్యాగ్‌సేఫ్, దాని ఆధారంగా 2023లో ప్రకటించిన క్వి2 కాయిల్ చుట్టూ మాగ్నెట్ల వలయం పెట్టి ఫోన్‌ను తనంతట తాను నడుమకు లాక్కుంటాయి, మొదట్లో 15 వాట్ల దాకా ఇచ్చాయి. మాగ్నెట్ కాయిల్ చుట్టూ ఉంటుంది తప్ప దాని మీద ఉండదు, అందుకే అడ్డం కాదు. మాగ్నెట్ లేని మందం కవర్ వేస్తే ఆ పట్టు సడలుతుంది. అలాంటి ఫోన్ లేనివాళ్లకు అంటించుకునే ఇనుప రింగులు దొరుకుతాయి, అతికించేముందు పైన చెప్పినట్టు కాయిల్ నడుమ కనుక్కోవాలి, ఫోన్ నడుమ చూసి అంటిస్తే తప్పు చోటును శాశ్వతం చేసుకున్నట్టే. రింగు ఎక్కడా తెగకుండా పూర్తి చుట్టుగా ఉంటే అది కాయిల్ చుట్టూ ఒకే చుట్టు ఉన్న షార్ట్ అయిన తీగలా పనిచేసి కొంత శక్తి తినేస్తుంది. ఒకచోట చిన్న తెంపు ఉన్న రింగు మేలు. అంటించిన తర్వాత పది నిమిషాలు చార్జింగ్ పెట్టి రింగును వేలితో ముట్టి చూడాలి. ఫోన్ వెనక మిగతా భాగం కన్నా రింగు బాగా వెచ్చగా ఉంటే దాన్ని ఊడదీసి, తెంపు ఉన్నది వేసుకోవాలి.